గూని ఉన్నవాళ్ల ఎత్తు ఎలా లెక్క కట్టాలి: మోకాలి కొలత, చేతి కొలత

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. గూని బాగా వచ్చింది, పోయినేడు తుంటి ఆపరేషన్ కూడా అయింది. వాకర్ పట్టుకుని నిలబడుతుంది గానీ నిటారుగా కాదు. బరువు 42 కిలోలు. గోడకు ఆనించి కొలిస్తే 139 సెం.మీ. వచ్చింది, నాన్నేమో పెళ్లప్పుడు ఐదడుగులు ఉండేది అంటున్నారు. మోకాలి నుంచో చేతుల నుంచో లెక్క కట్టొచ్చని విన్నాం. ఏది కొలవాలి, ఏది నమ్మాలి?

జవాబు:

ఆ 139ని డైటీషియన్‌కు ఎత్తుగా చెప్పకండి, కానీ పారేయకండి కూడా, దానితో వేరే పని ఉంది, చివర్లో చెప్తాను. ముందు మోకాలి ఎత్తు కొలవండి, దాంతో లెక్క కట్టండి, సరిచూసుకోవడానికి ఒక చెయ్యి కొలవండి. నేను హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లకు పైగా డైటీషియన్‌గా చేస్తున్నాను, ఇప్పుడు ఎక్కువగా మంచం పట్టిన పెద్దవాళ్ల ఇళ్లకే వెళ్తుంటాను కాబట్టి ఈ కొలతలు దాదాపు రోజూ చేసే పనే.

ఎత్తులో ఆ కాస్త తేడాకి ఏమవుతుందిలే అనిపిస్తుంది. బీఎంఐ కట్టేటప్పుడు బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తాం, అందుకే ఎత్తులో తప్పు రెట్టింపై కూర్చుంటుంది. మీ లెక్కే చూడండి. 42 కిలోలకు 139 సెం.మీ. వేస్తే బీఎంఐ 21.7 వస్తుంది, చూసినవాళ్లు బాగానే ఉందిలే అనుకుంటారు. నాన్నగారు చెప్పిన ఐదడుగులు, అంటే 152.4 సెం.మీ. వేస్తే అదే మనిషికి 18.1 వస్తుంది, 18.5 కంటే తక్కువ కాబట్టి ఆవిడ బక్కచిక్కినట్టు లెక్క. ఒంట్లో మార్పేమీ లేదు, కాగితం మీద అంకె ఒక్కటే మారింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆసుపత్రిలో ఇలాంటి పెద్దావిడకే వంగిన ఎత్తు వేసి నార్మల్ అని రాశాను, అదనంగా పాలు, గుడ్డు, ప్రొటీన్ పొడి ఏదీ చెప్పలేదు. మూడు నెలల తర్వాత ఆవిడ జాకెట్లు వదులై భుజం మీద నిలవడం లేదని కూతురు చెప్పేదాకా నాకు తెలియలేదు. అప్పటి నుంచి గూని ఉన్న ఎవరికైనా గోడ కొలత ఒక్కదాన్నే నమ్మడం మానేశాను.

మోకాలే ఎందుకంటే, వయసుతో మనిషి పొట్టి అయ్యేది వెన్నులోనే. వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్లలు అణుగుతాయి, ఎముక గుల్లబారినవాళ్లకు పూసలే నొక్కుకుపోతాయి, నడుము ముందుకు వంగుతుంది. కాళ్లలోని పొడుగాటి ఎముకలు మాత్రం పెద్దయ్యాక ఎంత ఉన్నాయో డెబ్బై ఏళ్లకూ దాదాపు అంతే ఉంటాయి. మీ అమ్మగారికి తుంటి ఆపరేషన్ అయిందన్నారు కదా, దానివల్ల ఈ కొలతకు అడ్డేం లేదు, ఎందుకంటే మనం కొలిచేది మడమ కింద నుంచి మోకాలి పైదాకానే, తుంటి దాకా వెళ్లం. మోకాలి చిప్ప మార్పిడి జరిగి ఉంటే మాత్రం ఆ కాలు వదిలి రెండోది కొలవండి.

కొలిచే పద్ధతి మీదే అంతా ఆధారపడి ఉంది, కాబట్టి ఇక్కడ తొందరపడకండి. ఎడమ కాలు కొలవడం ఆనవాయితీ. దీనికోసం ప్రత్యేకంగా మోకాలి కాలిపర్ అని ఉంటుంది, కింద ఒక పలక, పైన జరిగే ఇంకో పలక, మధ్యలో స్కేలు. ఇంట్లో అది ఉండదు కాబట్టి వడ్రంగుల స్టీల్ టేపు, ఒక గట్టి అట్ట పుస్తకం చాలు. టైలర్ టేపు వద్దు, పాతబడేకొద్దీ సాగుతుంది, పైగా కాలి వంపు వెంట వంగిపోతుంది. అమ్మగారిని గట్టి కుర్చీలో కూర్చోబెట్టండి, చెప్పులు, సాక్సులు తీసేయండి, చీర, లంగా మోకాలి పైకి జరపండి. పాదం నేలకు పూర్తిగా ఆనాలి, మోకాలు, చీలమండ రెండూ సరిగ్గా ఎల్ ఆకారంలో, అంటే 90 డిగ్రీల్లో ఉండాలి. పెద్దవాళ్లకు కుర్చీ ఎత్తైపోయి పాదాలు వేలాడటం మామూలే, అప్పుడు కాలి కింద పీట వేసి, కొలత పీట పైనుంచి మొదలుపెట్టండి. కుర్చీ మరీ కిందకుంటే మోకాలు పైకి లేచిపోతుంది, అప్పుడు కూర్చునే చోట దుప్పటి మడిచి వేయండి. ఇంట్లో పిల్లలెవరినైనా పక్క నుంచి ఫోన్‌లో ఒక ఫొటో తీయమనండి, మోకాలి దగ్గర కోణం సరిగ్గా ఉందో లేదో మన కంటికంటే ఫొటోలో బాగా తెలుస్తుంది.

ఇప్పుడు పుస్తకాన్ని తొడ మీద అడ్డంగా పెట్టండి. మోకాలి చిప్ప మీద కాదు, చిప్పకు రెండంగుళాలు వెనక్కి, తొడ మీద. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పుస్తకం నేలకు సమానంగా ఉండేలా పట్టుకుని, చర్మం, కండ కాస్త అణిగేలా మెల్లగా నొక్కండి. కాలు బయటి పక్కన టేపును నిలువుగా పెట్టండి, అది చీలమండ దగ్గర బయటికి పొడుచుకొచ్చిన ఎముక మీదుగా వెళ్లాలి. మడమ కింద నుంచి పుస్తకం అడుగు వరకు ఎంత వచ్చిందో మిల్లీమీటర్లతో సహా రాసుకోండి. పుస్తకం తీసేసి, అమ్మగారిని కాస్త కదలనిచ్చి, మళ్లీ మొదటి నుంచి కొలవండి. రెండు కొలతల మధ్య అర సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలవాలి, లేకపోతే రెంటి సగటు తీసుకోండి. ఇంత పట్టింపు ఎందుకంటే మోకాలి దగ్గర ఒక్క సెంటీమీటరు పొరపాటు ఆడవాళ్ల ఎత్తులో 1.83 సెం.మీ., మగవాళ్ల ఎత్తులో 2.02 సెం.మీ. అయిపోతుంది.

కూర్చోలేనివాళ్లకు పడుకోబెట్టే చేయొచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి ఎడమ మోకాలు 90 డిగ్రీలు మడిచి, అరికాలికి ఒక చెక్కో గట్టి అట్టో ఆనించి పట్టుకోవాలి, మడమ పరుపులోకి దిగిపోకుండా. దానికి ఇద్దరు మనుషులు కావాలి, ఒక్కరే చేస్తే కాలు జారిపోతుంది.

అరవై దాటినవాళ్లకు నేను వాడే లెక్క అమెరికాలో చమ్లియా, ఆయన తోటివాళ్లు 1985లో ఇచ్చినది, అన్నీ సెంటీమీటర్లలోనే, వయసు ఏళ్లలో:

```
ఆడవాళ్లు: ఎత్తు = 84.88 − (0.24 × వయసు) + (1.83 × మోకాలి ఎత్తు)
మగవాళ్లు: ఎత్తు = 64.19 − (0.04 × వయసు) + (2.02 × మోకాలి ఎత్తు)
```

మల్కాజిగిరిలో నేను చూసే ఒకావిడ కొలతలే చెప్తాను, మీ అమ్మగారి పరిస్థితికి దగ్గరగా ఉంది. వయసు 76, బరువు 41 కిలోలు, గోడకు ఆనించి కొలిస్తే 140. కుర్చీలో కూర్చోబెట్టి మోకాలు కొలిస్తే మొదటిసారి 46.2, రెండోసారి 45.8 వచ్చింది, సగటు 46. వయసు భాగం 0.24 × 76 అంటే 18.24. మోకాలి భాగం 1.83 × 46 అంటే 84.18. 84.88లోంచి 18.24 తీసేసి 84.18 కలిపితే 150.8 సెం.మీ. గోడ కొలతతో ఆవిడ బీఎంఐ 20.9 వచ్చేది, ఈ ఎత్తుతో 18 వస్తోంది.

ఇంతవరకు బాగానే ఉంది గానీ, ఈ లెక్క కట్టింది అమెరికాలోని తెల్లవాళ్లను కొలిచి. కాళ్ల పొడవు, మొండెం పొడవు మధ్య నిష్పత్తి అన్ని జాతుల్లో ఒకేలా ఉండదు, అందుకే అదే బృందం తర్వాత నల్లజాతివాళ్లకు, మెక్సికన్ అమెరికన్లకు విడిగా లెక్కలిచ్చింది. సొంత జాతికి కట్టిన లెక్కతోనే మూడు నాలుగు సెంటీమీటర్లు అటూఇటూ రావడం మామూలు, కొందరిలో అంతకంటే ఎక్కువే. కాబట్టి 150.8లో ఆ పాయింట్ ఎనిమిదికి విలువ లేదు, 151కి అటూఇటూ అని చదువుకోవాలి.

దీనికి నేను ఇళ్లల్లో చేసే చిన్న పరీక్ష ఒకటుంది. పేషెంటు తోబుట్టువుల్లో ఆడవాళ్లకు ఆడ, మగవాళ్లకు మగ, అరవై దాటినా ఇంకా నిటారుగా నిలబడగలిగేవాళ్లు ఉంటే, వాళ్ల అసలు ఎత్తూ, మోకాలి ఎత్తూ రెండూ కొలుస్తాను. మల్కాజిగిరి ఆవిడ చెల్లెలు ఆ రోజు అక్కడే ఉన్నారు, 68 ఏళ్లు, తిన్నగా నిలబడతారు, గోడకు కొలిస్తే 149. మోకాలు 45.2. లెక్క ప్రకారం 151.3 రావాలి, అంటే ఆ చెల్లెలి విషయంలో లెక్క రెండు సెంటీమీటర్లకు పైగా ఎక్కువ చూపిస్తోంది. అక్కకూ అలాగే ఉందనుకుంటే ఆవిడ ఎత్తు 148.5 దగ్గర, బీఎంఐ 18.6. ఒక్క మనిషిని చూసి లెక్కనే మార్చేయకూడదు, నేనూ మార్చలేదు, కానీ తప్పు ఎటువైపు ఉండొచ్చో తెలిసింది. 18 అయినా 18.6 అయినా ఆవిడకు తిండి పెంచాల్సిందే. 20.9 చూసి ఊరుకుంటేనే నష్టం. మీ పిన్నిగారో పెద్దమ్మగారో దగ్గర్లో ఉంటే ఈ కొలత తప్పకుండా చేయండి.

ఇక చేతుల సంగతి. రెండు చేతులూ భుజాల ఎత్తులో బారచాపితే ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొస దాకా ఎంతుందో అది ఇంచుమించు మనిషి ఎత్తుకు దగ్గరగా ఉంటుంది, గోళ్లు లెక్కలోకి రావు. గూని ఉన్నవాళ్లతో చిక్కేంటంటే భుజాలు ముందుకు ముడుచుకుని ఉంటాయి, చేతులు వెనక్కి పూర్తిగా రావు, టేపేమో ఛాతీ ముందు గాల్లో వేలాడుతుంది. అందుకని నేను ఒక్క చెయ్యే కొలుస్తాను. గొంతు కింద, రెండు మెడ ఎముకలూ కలిసే చోట చిన్న గుంట ఉంటుంది, అక్కడ టేపు సున్నా పెట్టి, చెయ్యిని పక్కకు తిన్నగా చాపించి, మధ్యవేలి కొస దాకా కొలిచి రెండు పెట్టి హెచ్చవేస్తే మొత్తం బార వస్తుంది. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి లేవనివాళ్లకు కూడా ఇదే దారి. మల్కాజిగిరి ఆవిడకు ఇది 76.5 వచ్చింది, అంటే బార 153.

ఇదే గుంట నుంచి వేలి కొస దాకా వెళ్లకుండా మధ్యవేలు, ఉంగరపు వేలు మొదట్లో కలిసే సందు దాకా కొలిచే పద్ధతి ఇంకోటుంది, దాన్ని డెమీ స్పాన్ అంటారు. దానికి రెండు పెట్టి హెచ్చవేయడం కాదు, దాని లెక్క వేరు:

```
ఆడవాళ్లు: ఎత్తు = (1.35 × డెమీ స్పాన్) + 60.1
మగవాళ్లు: ఎత్తు = (1.40 × డెమీ స్పాన్) + 57.8
```

ఆవిడకు వేళ్ల సందు దాకా 68.5 ఉంది, లెక్క కడితే 152.6, బార కొలతకు దగ్గరగానే వచ్చింది. ఈ రెండు కొలతల్నీ కలిపేసుకోవడం నేను చాలాసార్లు చూశాను. వేలి కొస దాకా కొలిచిన 76.5ని ఈ రెండో లెక్కలో వేస్తే 163.4 వస్తుంది, ఐదడుగుల మనిషి ఒక్కసారిగా ఐదడుగుల నాలుగంగుళాలు అయిపోతుంది, బీఎంఐ 15కి పడిపోతుంది, ఇంట్లో అందరికీ టెన్షన్. మోకాలి లెక్కకూ చేతి లెక్కకూ మధ్య పది సెంటీమీటర్ల తేడా కనిపిస్తే ముందు చూడాల్సింది టేపు ఎక్కడ ఆపారు అనేదే.

మోకాలితో 150.8, చేతితో 153 వచ్చాయి కదా, ఏది కరెక్ట్ అని ఆ ఇంట్లోనూ అడిగారు. రెండూ రెండు వేర్వేరు ఎత్తులు. చేతి ఎముకలు వయసుతో తగ్గవు కాబట్టి బార కొలత ఆవిడ వయసులో ఉన్నప్పటి ఎత్తును చెప్తుంది. మోకాలి లెక్కలో వయసును తీసివేస్తున్నాం కదా, అందుకని అది 76 ఏళ్ల సాధారణ స్త్రీ గూని లేకుండా నిలబడితే ఈ రోజు ఎంత ఉంటుందో చెప్తుంది. ఆడవాళ్లకు పదేళ్లకు 2.4 సెం.మీ. తగ్గిస్తుంది ఆ లెక్క, మగవాళ్లకు 0.4 సెం.మీ. మాత్రమే. కాబట్టి డెబ్బై దాటిన ఆడవాళ్లలో చేతి కొలత మూడు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ రావడం తప్పు కాదు, అలాగే రావాలి కూడా. తిండికి, బీఎంఐకి నేను మోకాలి ఎత్తు వాడతాను. ఊపిరితిత్తులకు ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్షకు మాత్రం గూని ఉన్నవాళ్లకు చేతుల బార కొలతే వాడతారు, అక్కడ వంగిన ఎత్తు వేస్తే ఊపిరి ఇంతే రావాలి అనే అంచనా తగ్గిపోయి, బాగాలేని ఊపిరితిత్తులు కూడా బాగున్నట్టు కనిపిస్తాయి. ఎప్పుడైనా ఆ పరీక్షకు వెళ్తే టెక్నీషియన్‌తో ఈ మాట చెప్పండి.

అందరికీ మోకాలు పనికిరాదు. నల్గొండ వైపు నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను బిగుసుకుపోయినవాళ్లు నా దగ్గరికి వచ్చారు, వాళ్లలో కొందరికి మోచేతులు పూర్తిగా చాపుకోవు, అందుకని చేతి కొలత తక్కువ వస్తుంది, మోకాలే దిక్కు. అదే చిన్నప్పుడే కాళ్లు వంకర తిరిగినవాళ్లకు ఎముకే సరిగ్గా పెరగలేదు కాబట్టి మోకాలి కొలతనూ నమ్మలేం, మోచెయ్యి తిన్నగా చాపుకునేవాళ్లైతే చేతికి వెళ్లాలి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నబడ్డవాళ్లకు బాగున్న కాలే కొలవాలి. ఏళ్ల తరబడి మంచంలోనే ఉండి మోకాళ్లు ముడుచుకుపోయి 90 డిగ్రీలకు రానివాళ్లకు కూడా బలవంతం చేయకండి, చెయ్యి కొలిస్తే సరిపోతుంది. ఇంకో మాట, పైన ఇచ్చిన మోకాలి లెక్క అరవై పైబడినవాళ్లదే, నలభై ఏళ్ల మనిషికి యాక్సిడెంటై మంచంలో ఉంటే ఇది వాడకూడదు, వాళ్లకు వేరే లెక్కలున్నాయి.

కొలతలన్నీ మొదలుపెట్టే ముందు ఇంట్లో పాత కాగితాలు ఒకసారి వెతకండి. కాన్పులప్పటి ఆసుపత్రి చీటీల్లోనో, ఏదైనా పాత ఆపరేషన్ ఫైల్లోనో నిటారుగా ఉన్నప్పుడు కొలిచిన ఎత్తు దొరికితే మీ చేతి కొలత దానికి దగ్గరగా వచ్చిందో లేదో చూసుకోవచ్చు. నాన్నగారి జ్ఞాపకం కూడా ఆ లెక్కలో పనికొచ్చేదే.

ఇప్పుడు మొదట్లో దాచమన్న ఆ 139 సంగతి. చేతి కొలత నాన్నగారు చెప్పినట్టే 152 దగ్గర వస్తే, మీ అమ్మగారు పదమూడు సెంటీమీటర్లు కుంగినట్టు. ఇందులో కొంత నిలబడలేకపోవడం వల్ల, మోకాళ్లు, తుంటి తిన్నగా చాపలేకపోవడం వల్ల కూడా ఉంటుంది, నిజమే. కానీ వయసులో ఉన్నప్పటి ఎత్తు నుంచి నాలుగు సెంటీమీటర్లు దాటి తగ్గితేనే వెన్నుపూసలు నొక్కుకుపోయాయేమో చూడమంటారు డాక్టర్లు, అవి చాలామందిలో పెద్ద నొప్పి లేకుండానే విరుగుతాయి, వయసొచ్చింది కదా అని ఇంట్లోవాళ్లు నడుము నొప్పి కింద సరిపెట్టేస్తారు. తుంటి ఆపరేషన్ ఎముక విరిగి చేసిందైతే ఇంకా అనుమానించాలి. తుంటికి ఆపరేషన్ చేసిన డాక్టరుగారికి ఈ రెండు అంకెలూ పక్కపక్కనే రాసి చూపించండి, వెన్నుకు పక్క నుంచి ఎక్స్‌రే తీయించాలా, ఎముక బలానికి మందు మొదలుపెట్టాలా అని సూటిగా అడగండి.

డైటీషియన్‌కు ఇచ్చే కాగితం మీద ఎత్తు ఒక్కటే రాసి వదిలేయకండి, "మోకాలి ఎత్తు ఇంత, ఎడమ కాలు, కూర్చోబెట్టి కొలిచాం, 1985 లెక్క" అని పక్కన రాయండి, తేదీ వేయండి. తర్వాత ప్రతిసారీ మళ్లీ కొలవద్దు. ఒకసారి 151, ఇంకోసారి 149 అని మారుస్తూ పోతే అమ్మగారి బరువు మారకపోయినా బీఎంఐ పైకీ కిందకీ ఊగుతుంది, ఆమె కోలుకుంటున్నారో తగ్గిపోతున్నారో అర్థం కాదు. ఎత్తు ఒకటే ఉంచి, నెలకోసారి బరువు చూడండి. వాకర్‌తో మిషన్ మీద నిలబడితే చేతుల బరువు వాకర్ మీద పడి తక్కువ చూపిస్తుంది, కాబట్టి కుర్చీ ఉన్న మిషన్ ఉంటే మేలు. లెక్క 18.5కి కాస్త పైనో కిందో వచ్చి మీకు తేలకపోతే పిక్క లావుగా ఉన్నచోట టేపు చుట్టి కొలవండి, ఇది మాత్రం టైలర్ టేపుతోనే, సాగని కొత్త టేపు అయితే మంచిది. 31 సెం.మీ. కంటే తక్కువ వస్తే, కాళ్ల వాపు కూడా లేకపోతే, ఒంట్లో కండ తగ్గుతోందనే అర్థం, అప్పుడు ఎత్తులో ఆ రెండు సెంటీమీటర్ల గురించి వాదించుకోకుండా తిండి సంగతి ఆ వారమే మొదలుపెట్టించండి. వాపు ఉంటే మాత్రం పిక్క కొలత లావుగా చూపించి మోసం చేస్తుంది, చీలమండ దగ్గర వేలితో నొక్కి చూడండి, గుంట పడి కాసేపు అలాగే ఉంటే ఆ కొలత వదిలేయండి.

మోకాలి కొలతలు రెండూ, చేతి కొలత, అది వేలి కొస దాకానా సందు దాకానా అన్నదీ ఇక్కడ పెట్టండి, లెక్క నేను చూసి చెప్తాను.